తొమ్మిదో నెలలో మనసుకి చెప్పుకునే మాట

నెలలు నిండిన అమ్మాయికి చుట్టుపక్కలవాళ్ళు చెప్పే ధైర్యం చాలావరకు రెండు మాటల్లో అయిపోతుంది. "భయపడకు" అంటారు, "అంతా మంచే జరుగుతుంది" అంటారు. ప్రేమతోనే అంటారు. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిన అమ్మాయి పగలంతా ఆ మాటలకి తలూపుతుంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, మోకాళ్ళ మధ్య దిండు సర్దుకుని, మళ్ళీ నిద్ర పట్టక పడుకున్నప్పుడు మాత్రం అవి అక్కరకు రావు. ఆ వేళకి పనికొచ్చే మాటలు వేరే ఉంటాయి. వాటిని ఎవరికి వారే తయారు చేసుకోవాలి.

ముందే ఒక సంగతి చెప్పుకుందాం. ఇలా అనుకోవడం వల్ల నొప్పులు తగ్గుతాయనో, కాన్పు తేలికవుతుందనో, బిడ్డకి ఫలానా గుణం అబ్బుతుందనో ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. శరీరం సంగతి డాక్టరు చూసుకుంటారు. ఈ మాటలు చేసే పని చాలా చిన్నది. పరిగెడుతున్న ఆలోచనని కాసేపు ఒకచోట కూర్చోబెడతాయి, అంతే. చివరి వారాల్లో ఆ కాసేపు దొరకడమే చాలా కష్టం.

ఒకే వాక్యాన్ని పదేపదే చెప్పుకోవడాన్ని వందేళ్ళ కిందట బాగా ప్రచారంలోకి తెచ్చినవాడు ఫ్రాన్సులోని నాన్సీ పట్టణానికి చెందిన ఎమీల్ కూయే. వృత్తిరీత్యా ఫార్మసిస్టు. రోజురోజుకీ అన్నివిధాలా మెరుగవుతున్నాను అనే అర్థం వచ్చే వాక్యాన్ని నిద్రపోయే ముందు, లేవగానే ఇరవైసార్లు అనుకోమనేవాడు. లెక్క తప్పకుండా ఇరవై ముళ్ళు వేసిన తాడు చేతిలో పెట్టుకోమనేవాడు. ఇప్పుడు ఫోన్లలో, రంగురంగుల కార్డుల మీద గర్భిణులకోసం వస్తున్న అఫర్మేషన్లు ఆ పరంపరలోనివే.

అయితే అందులో ఒక చిక్కుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ వుడ్, ఆమె సహచరులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. తమ మీద తమకి అంతగా గురి లేనివాళ్ళ చేత, నేను ప్రేమించదగిన మనిషిని అని పదేపదే అనిపిస్తే వాళ్ళ మనసు కుదుటపడకపోగా ఇంకాస్త కుంగింది. నమ్మకం కుదరని మాట అనుకోగానే లోపల్నించి ఎదురుమాట లేస్తుంది. "నాకు ఏ భయమూ లేదు" అనుకున్న అమ్మాయికి మరుక్షణమే "ఉంది కదా" అని వినిపిస్తుంది. "అంతా మంచే జరుగుతుంది" అనుకుంటే "నీకెలా తెలుసు" అని వినిపిస్తుంది. అర్ధరాత్రి తనతో తాను వాదన పెట్టుకుంటే ఉన్న కాస్త నిద్రా పోతుంది. అందుకని ఎంత పొడుగ్గా ఉందో, ఎంత అందంగా ఉందో చూడొద్దు. ఎదురుమాట పుట్టించని వాక్యం కావాలి.

అలాంటి వాక్యం ఎలా తయారవుతుందో చూద్దాం. ముప్పై ఏడో వారంలో నల్లగొండలో అమ్మానాన్నల దగ్గరున్న ఒకమ్మాయిని ఊహించుకోండి. భర్త ఉద్యోగం హైదరాబాదులో. శనివారం వచ్చి ఆదివారం రాత్రి వెళ్ళిపోతాడు. ఆమె భయం ఏమిటని అడిగితే "డెలివరీ అంటే భయం" అంటుంది. ఆ మాట మరీ పెద్దది. దానికి జవాబుగా వాక్యం కట్టలేం. ఇంకాస్త ఓపిగ్గా అడిగితే, "రాత్రిపూట నొప్పులొస్తే ఎలా? ఆయన ఊళ్ళో ఉండడు, నాన్నకి కంగారెక్కువ, ఆ టైములో ఆటో దొరుకుతుందా" అని అసలు సంగతి బయటపడుతుంది. ఇప్పుడు భయానికి ఒక ఆకారం వచ్చింది. దీనికి మాట దొరుకుతుంది.

ఆమె మొదట "నేను ధైర్యంగా ఉన్నాను" అని అనుకుని చూసింది. నిలబడలేదు. తర్వాత, నిజమని తనకి ఖాయంగా తెలిసినవి మాత్రమే ఒక్కొక్కటిగా అనుకోవడం మొదలుపెట్టింది. "ఫైలు సంచిలోనే ఉంది. ఆస్పత్రి నంబరు ఫోన్లో ఉంది. నొప్పులొస్తే అమ్మని లేపుతాను. ఎదురింటి బాబాయి కారు తీస్తాడు." చివరి మాట దగ్గర నాలుక ఆగింది. తీస్తాడో లేదో ఎవరూ అడగలేదు. తెల్లారాక నాన్నతో చెప్పింది. ఆయన వెళ్ళి అడిగాడు. "అర్ధరాత్రయినా తలుపు కొట్టండి అన్నయ్యా" అన్నాడు ఎదురింటాయన. ఆ రాత్రి నుంచీ ఆ వాక్యం పూర్తయింది. దానికి ఆమె ఇంకో మాట జోడించింది: "ఈ రాత్రికి నేను చేయాల్సిందల్లా పడుకోవడమే."

ఇందులో చూడాల్సింది నాలుక ఆగిన చోటు. నోరు తడబడిన ప్రతిచోటా నమ్మకం తక్కువని అనుకోనక్కర్లేదు. చాలాసార్లు అక్కడ చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయి ఉంటుంది. ఆ పని చేసేస్తే వాక్యం దానంతటదే నిలబడుతుంది. పని చేయకుండా ఎన్నిసార్లు అనుకున్నా నిలబడదు.

ఇక ఫలితం గురించి మాట ఇచ్చే వాక్యాలున్నాయి. "నాకు నార్మల్ డెలివరీయే అవుతుంది" అన్నది వాటిలో అందరికంటే ముందుంటుంది. చాలామంది అమ్మాయిలు దీన్ని రోజూ అనుకుంటారు, వీడియోలు కూడా అలాగే నేర్పుతాయి. నా మటుకు నేను దీన్ని వదిలేయమంటాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. అలా ఎందుకు జరుగుతోందన్నది వేరే పెద్ద చర్చ. ఇక్కడ మనకి కావలసింది ఒక్కటే. నెలల తరబడి ఒకే రకం కాన్పుని మనసులో రాసుకున్న అమ్మాయికి ఆఖరి గంటలో డాక్టరు ఆపరేషన్ అంటే, తనలోనే ఏదో లోటు జరిగిందనిపిస్తుంది. ధైర్యం కోసం అనుకున్న మాటే నింద అయిపోతుంది. కోరిక ఉండటంలో తప్పు లేదు, దాన్ని డాక్టరుతో చెప్పుకోవాలి కూడా. మనసుకి చెప్పుకునే వాక్యం మాత్రం ఏ దారిలోనైనా పనికొచ్చేదిగా ఉండాలి. "వాళ్ళు చెప్పేది వింటాను. అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను. ఎలా వచ్చినా నా బిడ్డ నా దగ్గరికే వస్తోంది." ఇందులో మొదటి రెండూ పూర్తిగా ఆమె చేతిలో ఉన్నవి. అందుకే వాటికి బలం.

ఏ గొంతుతో చెప్పుకోవాలన్నది కూడా ముఖ్యమే. కార్డుల మీది తెలుగు వార్తలు చదువుతున్నట్టుంటుంది. "నేను ప్రశాంతతను స్వీకరిస్తున్నాను" అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త ఈథన్ క్రాస్, ఆయన బృందం 2014లో ప్రచురించిన పరిశోధనలో ఒక విషయం తేలింది. కంగారుపెట్టే పని ముందున్నప్పుడు "నేను" అనకుండా, తమని తాము పేరు పెట్టి పిలుచుకుని, ఎదుటి మనిషితో అన్నట్టు మాట్లాడుకున్నవాళ్ళు ఆ ఆందోళనని కాస్త దూరం నుంచి చూడగలిగారు. మనకిది తేలికే. చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కన కూర్చున్న అమ్మమ్మో నానమ్మో ఎలా మాట్లాడేదో గుర్తుచేసుకుంటే చాలు. "ఏం తల్లీ, నిద్ర పట్టట్లేదా? పట్టకపోతే పోనీలే. కాసిని నీళ్ళు తాగి నడుం వాల్చు. తెల్లారనీ, చూద్దాం." ఈ మాటలో హామీ ఏమీ లేదు. అయినా మనసు వింటుంది. గోదావరి యాసలో పెరిగిన అమ్మాయి గోదావరి యాసలోనే అనుకోవాలి, పాలమూరు అమ్మాయి పాలమూరు మాటలోనే.

వాక్యం పొడవు ఒక్క ఊపిరి వదిలేంత ఉంటే చాలు. మామూలుగా ఊపిరి తీసుకుని, నెమ్మదిగా వదులుతూ మనసులో అనుకోవాలి. బిగబట్టడం, లెక్కపెట్టడం అక్కర్లేదు. దానికి ప్రత్యేకంగా టైము కేటాయిస్తే రెండు రోజులకే మానేస్తారు. ఎలాగూ చేసే పనికి ముడిపెడితే గుర్తుంటుంది. రాత్రి బాత్రూముకి లేచి వచ్చి మళ్ళీ పక్క మీద కూర్చున్నప్పుడు ఒకటి, పొద్దున తల దువ్వుకునేటప్పుడు ఒకటి. మొత్తం రెండో మూడో వాక్యాలు ఉంటే సరిపోతుంది. పది ఉంటే ఒక్కటీ గుర్తుండదు.

డేట్ దగ్గరపడ్డాక ఫోన్ల బెడద మొదలవుతుంది. "ఇంకా కాలేదా?" అని పిన్ని, "మాకైతే ఈపాటికి అయిపోయింది" అని వదిన. డాక్టరు ఇచ్చిన డేట్ ఒక అంచనా అని తెలిసినా, పదోసారి అడిగేసరికి తానేదో ఆలస్యం చేస్తున్నట్టు ఉంటుంది. ఇక్కడ మనసులో అనుకునే మాటతో పాటు పైకి అనే మాట కూడా కావాలి. ఫోన్ అమ్మ చేతికిచ్చి "అవగానే మేమే చేస్తాం పిన్నీ" అని చెప్పిస్తే సగం భారం తీరుతుంది. మిగతా సగానికి, "ఇవాళ కాలేదు. ఇవాళ్టి రోజు నాదే" అనుకోవచ్చు. మూడు రోజులు కష్టపడ్డ పెద్దమ్మ కాన్పు కథ ఎవరైనా మొదలుపెడితే "ఆ కథ బిడ్డ పుట్టాక వింటాను అత్తయ్యా" అనడం అమర్యాదేమీ కాదు.

ఒక హద్దు ఉంది, దాన్ని దాటకూడదు. శరీరంలో ఏదైనా తేడాగా అనిపించినప్పుడు, బిడ్డ కదలిక ఎప్పటిలా లేదనిపించినప్పుడు, ఉమ్మనీరు పోయినట్టో రక్తం కనిపించినట్టో ఉన్నప్పుడు ఈ మాటలు అనుకుంటూ కూర్చోకూడదు. అప్పుడు చేయాల్సింది ఆస్పత్రికి ఫోన్, ఏ వేళైనా సరే. రోజుల తరబడి ఏడుపు ఆగకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా అది కూడా డాక్టరుకి చెప్పాల్సిన సంగతే.

చివరిగా, పక్కన ఉండబోయేవాళ్ళ గురించి. నొప్పులు మొదలయ్యాక ఆ అమ్మాయికి తన వాక్యాలు తనకి గుర్తుండకపోవచ్చు. అందుకే ఇప్పుడే వాటిని ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టాలి. అమ్మో, భర్తో, అక్కో, ఎవరు తోడుంటారో వాళ్ళకి చూపించాలి. లోపలికి తోడు ఎవరినైనా రానిస్తారా, రానిస్తే ఎంతమందిని అన్నది ముందే ఆస్పత్రిలో అడిగి తెలుసుకోవాలి. తోడున్నవాళ్ళు ఆ కాగితం చూసి గడగడా చదవక్కర్లేదు. ఆమె అప్పుడప్పుడు వినదు, విసుక్కుంటుంది కూడా. అప్పుడు ఊరుకోవాలి. మళ్ళీ చెయ్యి చాపినప్పుడు, తను రాసుకున్న మాటల్లోంచి ఒక్కటి, తన మాటల్లోనే చెప్పాలి. ఆ కాగితంలో "భయపడకు" అని లేకపోతే ఆ మాట అనకూడదు. "ఇక్కడే ఉన్నాను" అని ఉంటే అంతే అనాలి.