కట్ట మీదికి పిలిచే పేరు

హైదరాబాద్‌లో 'హుస్సేన్‌సాగర్‌కు వెళ్దాం' అనేవాళ్లు అరుదు. అందరూ 'ట్యాంక్‌బండ్‌కు పోదాం' అనే అంటారు. నీళ్లలోకి ఎవరూ దిగరు కదా, నిలబడేది కట్ట మీదే. అదే కట్ట మీద 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపేసి, రోడ్డును నడిచేవాళ్లకు వదిలేశారు. దానికి 'సండే ఫండే' అని పేరు పెట్టారు. ఎప్పుడు వెళ్లాలో, ఎందుకు వెళ్లాలో రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. ఆ అక్టోబర్‌లో పాతబస్తీలో మొదలైన 'ఏక్ షామ్ చార్మినార్ కే నామ్' పేరైతే సమయాన్నీ చోటునూ కలిపి చెప్పేసింది. రెండూ ప్రభుత్వం పెట్టినవే అయినా చెరువు బాగుచేసుకుందామనుకునే కాలనీవాళ్లు వాటి నుంచి నేర్చుకోవలసింది ఉంది. ఒకరు ఇంకొకరికి చెప్పేటప్పుడు కరపత్రం చేతిలో ఉండదు. పేరు ఒక్కటే ఉంటుంది.

నివాసులు నడిపే చెరువు పనుల పేర్లు మాత్రం తరచుగా రిజిస్ట్రార్ ఆఫీసు కోసం పుట్టినట్టుంటాయి. బెంగళూరు పుట్టేనహళ్లి చెరువును కాపాడుకోవడానికి 2010లో అక్కడి నివాసులు పెట్టుకున్న సంస్థ పేరు 'పుట్టేనహళ్లి నైబర్‌హుడ్ లేక్ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్'. మరుసటి ఏడాదే నగర పాలక సంస్థ చెరువు నిర్వహణ కోసం వాళ్లతో ఒప్పందం చేసుకుంది. ఒప్పంద పత్రం మీద అలాంటి పేరే ఉండాలి, అందులో తప్పేమీ లేదు. కానీ పాలు తేవడానికి వెళ్లినావిడ పక్కింటావిడకు ఆ పేరు చెప్పి ఆదివారం రమ్మని పిలవలేదు. అదే నగరంలో కైకొండ్రహళ్లి చెరువు దగ్గర నివాసులు జరుపుకున్న వేడుకకు 'కెరె హబ్బ' అన్నారు. చెరువు పండుగ అన్నమాట. కన్నడం తెలిసిన ఏ పిల్లవాడైనా ఒక్కసారి వింటే చాలు.

కాబట్టి రెండు పేర్లు పెట్టుకోవడమే మేలు, ఒకటి కాగితానికి, ఒకటి నోటికి. అసలు చిక్కు రెండో దానితోనే.

చెరువు పని అనగానే ఎవరికైనా ముందు తోచే మాటలు 'శుద్ధి', 'విముక్తి', 'సేవ్'. ఇవన్నీ ఫలితాన్ని ముందే మాట ఇచ్చేస్తాయి. ఆ ఫలితాన్ని చెరువు ఇవ్వదు. కారణం గుర్రపుడెక్క. మురుగునీరు వచ్చి కలిసే చెరువులో దానికి కావలసినంత నత్రజని, భాస్వరం దొరుకుతాయి. వెచ్చని వాతావరణంలో రెండు వారాలకే అది రెట్టింపు కాగలదు. యాభై మంది కలిసి ఒక మూలంతా లాగి పారేసినా, మురుగు పైపు అలాగే ఉంటే నెల తిరిగేసరికి ఆ మూల మళ్లీ పచ్చగా అయిపోతుంది. అప్పుడు 'గుర్రపుడెక్క రహిత చెరువు' అనే బ్యానర్‌ను చూసి నవ్వుకోని వాళ్లుండరు. పేరు ఊళ్లో పాకుతుంది, ఎగతాళిగా. నోట పడే పేరు ఫలితం మీద కాకుండా మనుషులు కలుసుకోవడం మీద ఉండాలనడానికి ఇదే కారణం. గడ్డి తిరిగి రావచ్చు గాక, ఆదివారం కూడా తిరిగి వస్తుంది.

ఈ సంగతి ఎస్టోనియాలో బాగా కనబడింది. 2008 మే 3న ఆ చిన్న దేశంలో సుమారు 50 వేల మంది ఒక్కరోజులో అడవుల్లో, రోడ్ల పక్కన పడి ఉన్న దాదాపు 10 వేల టన్నుల చెత్త ఎత్తేశారు. ఆ కార్యక్రమానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'తేమె ఎరా'. మన మాటలో చెప్పాలంటే 'చేసేద్దాం'. పేరులో చెత్త ఊసు లేదు. అందువల్ల చెత్త తీసేశాక కూడా పేరుకు పని మిగిలింది. ఆ తర్వాత ఊరి పనులన్నీ కలిసి చేసుకునే రోజుకు అదే పేరు పెట్టుకున్నారు. బయటి దేశాలకు అది 'లెట్స్ డూ ఇట్' అయి వెళ్లింది. ముంబై వెర్సోవా తీరంలో 2015లో ప్లాస్టిక్ ఏరడం మొదలుపెట్టిన న్యాయవాది అఫ్రోజ్ షా వారాంతపు పనిని 'డేట్ విత్ ద ఓషన్' అనేవారు. అక్కడా చెత్త మాట లేదు, సముద్రాన్ని కలవడమే ఉంది.

ఇప్పుడు ఒక ఊహా చెరువును తీసుకుందాం. హైదరాబాద్ శివారు. కట్టకు ఒకవైపు మూడు అపార్ట్‌మెంట్లు, ఇంకోవైపు పాత ఊరు, తూము దగ్గర చేపలు పట్టేవాళ్ల ఇళ్లు. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు తమ గేటెడ్ కమ్యూనిటీ పేరు ముందుపెట్టి 'లేక్ వారియర్స్' అందామంటారు. అన్నారంటే పాత ఊరివాళ్లు రారు. అది పెద్దిళ్లవాళ్ల వ్యవహారమని వాళ్లకు పేరే చెప్పేసింది. పైగా యోధులంటే ఎదుట శత్రువు ఉండాలి. చెరువులో వల వేసేవాళ్లకు ఆ శత్రువు తామేనేమో అన్న అనుమానం రావచ్చు. 'స్వచ్ఛ' అని మొదలుపెడితే అది మున్సిపాలిటీ పని అనుకుని, వాళ్లే చేస్తారులెమ్మని జనం ఇంట్లో ఉండిపోతారు.

పాత ఊరి పెద్దమనిషిని అడిగితే ఆ చెరువుకు అసలు పేరు వేరే ఉందని తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఇది మామూలే. బంజారా లేక్ పాత పేరు హమీద్‌ఖాన్ కుంట, దుర్గం చెరువు కొందరికి సీక్రెట్ లేక్. పాతవాళ్లు ఒకటి, కొత్తవాళ్లు ఇంకొకటి వాడుతున్నప్పుడు ఏ ఒక్కటి తీసుకున్నా సగం మందికి అడ్రసు తెలియదు. కానీ ఇరువైపులవాళ్లూ నడిచే చోటు ఒకటుంది, కట్ట. అలా తేలిన పేరు 'ఆదివారం కట్ట' అనుకుందాం.

దాన్ని పరీక్షించడానికి పెద్ద తతంగం అక్కర్లేదు. పేరును మాటల్లో పెట్టి చూడాలి. 'రేపు ఆదివారం కట్టకొస్తున్నవా, వదినా?' అంటే తేలిగ్గా నోట్లోంచి వస్తుంది. 'లేక్ రిజువనేషన్ వాలంటీర్స్ ఫోరంకు వస్తున్నవా?' అంటే మధ్యలోనే నాలుక ఆగిపోతుంది. ఆ తర్వాత ట్రాఫిక్ హోరులో ఫోన్ చేసి ఒక్కసారే చెప్పి, విన్నవాళ్లను తిరిగి చెప్పమనాలి. వాచ్‌మన్‌కు చెప్పి, సాయంత్రం ఆయన వేరేవాళ్లకు ఎలా చెబుతున్నాడో వినాలి. 'ఆదివారం' ఊడిపోయి 'కట్ట' ఒక్కటే మిగిలితే పేరులో ఇంకా ఏదో పొడవుందని అర్థం. అప్పుడు జనం కుదించిన రూపాన్నే ఖాయం చేసుకోవడం తెలివైన పని. కమిటీ పట్టుదలకు పోయి పూర్తి పేరే అనాలంటే ఎవరూ వినరు.

పేరు నిజంగా పాకుతోందా అన్నది మొదటి వారం వచ్చిన జనాన్ని చూసి తేల్చలేం. వాళ్లంతా వాట్సాప్ గ్రూపులోవాళ్లే అయ్యుంటారు. పని అయ్యాక చాయ్ తాగేటప్పుడు కొత్త ముఖాలను రెండు ప్రశ్నలు అడగాలి. ఎవరు చెప్పారు? ఏమని చెప్పారు? సమాధానాన్ని వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. గ్రూపులో లేని మనిషి చెప్పాడంటేనే పేరు తన కాళ్ల మీద నడుస్తున్నట్టు. 'ఏదో క్లీనింగ్ ఉందన్నారు' అని మాత్రమే చెబితే కబురు చేరింది కానీ పేరు చేరలేదు.

రోజును పేరులో కట్టేసుకోవడంలో ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఏ కారణంగానైనా పని శనివారానికి మార్చాల్సివస్తే పేరు అబద్ధమవుతుంది. రెండు ఆదివారాలు ఎవరూ లేక కట్ట ఖాళీగా ఉంటే నోటిమాట అంతే వేగంగా వెనక్కి తిరుగుతుంది. కాబట్టి వానొచ్చినా ఇద్దరు ముగ్గురైనా గొడుగులతో అక్కడ ఉండేలా ముందే వంతులు వేసుకోవాలి. తీసిన గడ్డిని ఎత్తుకెళ్లే బండి కోసం, మురుగు పైపు మళ్లింపు కోసం అర్జీ పెట్టేటప్పుడు మాత్రం ఈ ముద్దుపేరు పనికిరాదు. అక్కడ రెవెన్యూ రికార్డులో ఉన్న చెరువు పేరు, గ్రామం, సర్వే నంబరు రాసి, కింద రిజిస్టర్ చేసిన సంఘం పేరుతో సంతకం పెట్టాలి.