పాంప్లెట్ ప్రెస్సుకు వెళ్లేముందు

ఊళ్లో కొత్తగా కర్రీ పాయింట్ తెరుస్తున్నారనుకుందాం. ఇంటింటికీ పంచడానికి ఏ5 సైజులో మల్టీకలర్ పాంప్లెట్ కావాలి. అంచుల దాకా ముదురు ఎరుపు, పై సగంలో గుత్తివంకాయ కూర ఫోటో, ఎరుపు మీద తెల్లని అక్షరాల్లో షాపు పేరు, కింద లేత పసుపు పట్టీలో నల్లని అక్షరాలతో ధరలు, ఫోన్ నంబరు. కంప్యూటర్ తెర మీద చూస్తే అంతా బాగానే ఉంటుంది. కానీ ఆ ఫైలు ప్లేటుగా మారి, నాలుగు ఇంకుల కింద నలిగి, కత్తి కిందికి వెళ్లాక ఎలా ఉంటుందో తెర చెప్పదు. అది ముందే లెక్క వేసుకోవాలి.

కత్తితో మొదలుపెడదాం. ఏ5 అంటే 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల పొడవు. ప్రెస్సులో పాంప్లెట్లను ఆ సైజు కాగితాల మీద విడివిడిగా వెయ్యరు. పెద్ద షీటు మీద పక్కపక్కన కొన్ని అచ్చు వేసి, షీట్లను దొంతరగా పేర్చి, కటింగ్ మెషిన్లో ఒక్కసారే కోస్తారు. దొంతరలో కాగితాలు కాస్త జరుగుతాయి, కోత మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. ఫైల్లో ఎరుపు రంగు సరిగ్గా 148 దగ్గర ఆగిపోతే, కోత కాస్త బయటికి పడిన కాపీల్లో అంచున సన్నటి తెల్ల గీత కనిపిస్తుంది. ముదురు రంగు పక్కన అది వెంటనే కంటపడుతుంది. అందుకే రంగునూ ఫోటోనూ నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగిస్తారు. దీన్నే బ్లీడ్ అంటారు. అప్పుడు ఫైలు సైజు 154 × 216 మిల్లీమీటర్లు అవుతుంది. కోత లోపలికి జరిగే ప్రమాదమూ ఉంది కాబట్టి పేరు, ధరలు, నంబరు లాంటివి కోత గీతకు కనీసం 5 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. అంటే అక్షరాలకు మిగిలే చోటు 138 × 200. అంచుకు దగ్గరగా సన్నని బార్డరు గీయకపోవడమే మంచిది. కోత ఒక్క మిల్లీమీటరు తప్పినా ఒక వైపు సన్నగా, ఇంకో వైపు మందంగా కనిపించి తప్పు బయటపడుతుంది.

బ్లీడ్ లేని ఫైలు వస్తే కొన్ని చోట్ల డిజైన్ మొత్తాన్ని 4 శాతం పెద్దది చేసి సర్దేస్తారు. అప్పుడు అంచు నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో పెట్టిన ఫోన్ నంబరు కూడా బయటికి జరిగి, కోతకు రెండు మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే సాఫ్ట్‌వేర్‌లో పేజీ తెరిచేటప్పుడే బ్లీడ్ పెట్టుకోవాలి. కాన్వాలో చేసేవాళ్లు సెట్టింగ్స్‌లో Show print bleed నొక్కి, బ్యాక్‌గ్రౌండ్‌ను ఆ గీత దాకా లాగాలి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు PDF Print ఎంచుకుని, Crop marks and bleed దగ్గర టిక్కు పెట్టాలి.

ఇక రంగు. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు కలిపే ఈ పద్ధతి ఆర్‌జీబీ. ప్రెస్సులో వెలుతురు ఉండదు, తెల్ల కాగితం మీద సయాన్, మజెంటా, పసుపు, నలుపు ఇంకులే ఉంటాయి. అది సీఎంవైకే. తెర మీద మెరిసే చిలకపచ్చ, నియాన్ నారింజ, చిక్కటి నీలం ఈ నాలుగు ఇంకుల్లో దొరకవు. పచ్చ మసకబారుతుంది, నీలం ఊదాకు తిరుగుతుంది. ఫైలును ముందే సీఎంవైకేలోకి మార్చుకుంటే ఆ తేడా చాలావరకు తెర మీదే తెలిసిపోతుంది, నచ్చకపోతే వేరే రంగు ఎంచుకోవచ్చు. మార్చకుండా పంపితే ఆ మార్పు ప్రెస్సులో జరుగుతుంది. అది మనకు తెలిసేది పాంప్లెట్ల కట్టలు చేతికొచ్చాకే.

అసలు చిక్కు నలుపుతో వస్తుంది. ఆర్‌జీబీ నలుపును మార్చినప్పుడు అది ఒక్క నల్ల ఇంకుగా మారదు. ఫోటోషాప్‌లో సాధారణంగా ఉండే సెట్టింగ్‌తో మారిస్తే సయాన్ 75, మజెంటా 68, పసుపు 67, నలుపు 90 శాతం వస్తాయి. అంటే ధరల పట్టీలోని ప్రతి అక్షరమూ నాలుగు ప్లేట్ల నుంచి నాలుగుసార్లు ఒకే చోట పడాలి. ఒక్క ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ వస్తుంది. గుడులు, ఒత్తులు, సున్నాల్లోని చిన్న ఖాళీలు పూడుకుపోతాయి. చిన్న సైజు తెలుగు అక్షరాలకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. అందుకే చదవాల్సిన నల్ల అక్షరాలన్నీ C 0, M 0, Y 0, K 100 ఉండాలి. ఎరుపు మీద తెల్ల అక్షరాలకూ ఇదే ఇబ్బంది. అక్కడ ఒత్తులోకి ఇంకు పాకుతుంది. కాబట్టి ఆ అక్షరాలు పెద్దవిగా, లావుగా ఉండాలి. ఎరుపును కూడా నాలుగు ఇంకులతో కాకుండా మజెంటా, పసుపులతో, ముదురు కోసం కాస్త నలుపు కలిపి తయారు చేసుకోవాలి.

మూడోది ఫోటో. మంచి ఆఫ్‌సెట్ పనికి, అచ్చయ్యే సైజులో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలని లెక్క. మన ఫోటో పాంప్లెట్ వెడల్పంతా, బ్లీడ్‌తో కలిపి 154 మిల్లీమీటర్లు పరుచుకుంటుంది. అంటే ఆరు అంగుళాలకు కాస్త పైన, సుమారు 1820 పిక్సెళ్లు కావాలి. ఫోన్‌లో తీసిన అసలు ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు ఉంటే హాయిగా సరిపోతుంది. అదే ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోయి సుమారు 1600కు వస్తుంది. అప్పుడు అంగుళానికి 264 మాత్రమే. దాంతో ఎలాగో నెట్టుకురావచ్చు. కానీ అందులోంచి ఒక్క గిన్నె మేర కత్తిరించి వాడితే 700, 800 పిక్సెళ్లే మిగులుతాయి. అప్పుడు వంకాయ మీది నూనె మెరుపు, కొత్తిమీర ఆకు అన్నీ అలికినట్టు అవుతాయి. సాఫ్ట్‌వేర్‌లో 72 అని ఉన్న అంకెను 300గా మార్చి ఫోటోను పెంచినా లేని వివరం పుట్టుకురాదు. ఫోటోను డాక్యుమెంట్‌గా పంపించుకుంటే కుదింపు ఉండదు.

అన్నీ అయ్యాక తెలుగు ఫాంట్ల సంగతి చూడాలి. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. యూనికోడ్ తెలుగును పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒత్తులు విడిపోతాయి. అందుకని మార్పులు చేసుకోవడానికి ఒక కాపీ ఉంచుకుని, రెండో కాపీలో అక్షరాలను కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్ చేస్తారు.

పీడీఎఫ్‌ను అక్రోబాట్ ప్రోలో తెరిచి Output Preview లో సయాన్, మజెంటా, పసుపుల టిక్కులు తీసేస్తే నల్ల ఇంకు ఒక్కటే మిగులుతుంది. తర్వాత ఆ మూడింటికీ టిక్కు పెట్టి నలుపుకు తీసెయ్యండి. ధరల అక్షరాలు పూర్తిగా మాయమైనా, పట్టీలో తెల్లని ఖాళీలుగా మిగిలినా అవి ఒక్క నల్ల ఇంకుతోనే ఉన్నట్టు. పట్టీ కంటే ముదురుగా కనిపిస్తే మిగతా ఇంకులూ కలిసినట్టే. కటింగ్ గుర్తులు పెట్టకపోతే డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో పేజీ సైజు 154 × 216 అని చూపాలి. 148 × 210 ఉంటే బ్లీడ్ పోయినట్టే.

వీటిలో దేన్ని ముందు పట్టించుకోవాలంటే, ప్రెస్సువాళ్లు సరిచెయ్యలేని దాన్ని. బ్లీడ్ లేకపోతే ఎలాగో సర్దుతారు, రంగును వాళ్లకు తోచినట్టు మారుస్తారు. చిన్న ఫోటోకు మాత్రం వాళ్ల దగ్గర మందు లేదు. కాబట్టి డిజైన్ మొదలుపెట్టే రోజే అసలు ఫోటో తెప్పించుకోవాలి.