ఎత్తు 5.11... ఆ చుక్క చేసిన చేటు!

తారల వివరాలు ఇచ్చేటప్పుడు 'ఎత్తు 5.11' అని వేయడం సినిమా పత్రికలకి అలవాటే. ఆ చుక్క మా మేనల్లుడి నోటి దగ్గర కూడు లాగేసిందంటే నమ్ముతారా?

మొన్న చోడవరంలో అక్కయ్య ఇంటికి వెళ్ళాను. మావాడికి సినిమా వేషాల పిచ్చి. మంచి ఎత్తరి. కానీ బుగ్గలు లోపలికి పోయి కనిపించాడు!

"వారం నుంచి రాత్రి అన్నం ముట్టడం లేదురా" అంది అక్కయ్య కళ్ళొత్తుకుంటూ.

"ఏటిరా సంగతి?" అన్నాను.

"నాకు ఊబకాయమట మావయ్యా! బీఎంఐ 30 దాటిపోయింది. ఇంక వేషం ఎవరిస్తారు?" అంటూ లెక్క కాగితం నా చేతిలో పెట్టాడు.

బీఎంఐ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, వచ్చినదానితో కిలోల బరువును భాగించడమే. పందొమ్మిదో శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త క్వెటిలే చెప్పిన సూత్రమిది. ఆ పేరు మాత్రం 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం పెట్టింది.

మావాడి బరువు 74 కిలోలు. అడుగుకి 30.48 సెంటీమీటర్లు కదా అని 5.11ని దానితో హెచ్చవేశాడు. 155.75 సెంటీమీటర్లు వచ్చింది. బీఎంఐ 30.5!

అసలు తిరకాసు అక్కడే ఉంది. అడుగుకి అంగుళాలు పన్నెండు, పది కాదు. 5.11 అడుగులంటే అయిదడుగుల ఒక అంగుళం, పైన కాస్త. అంటే మావాడు దాదాపు పది అంగుళాలు పోగొట్టుకున్నాడన్నమాట! ఎత్తును ముందు అంగుళాల్లోకి మార్చాలి. అయిదు పన్నెండ్లు అరవై, పదకొండు కలిపితే 71. దాన్ని 0.0254తో హెచ్చవేస్తే 1.80 మీటర్లు. 1.80ని 1.80తో హెచ్చవేస్తే 3.24. దానితో 74ను భాగిస్తే 22.8!

బరువు పౌన్లలో ఉన్నా ఇబ్బంది లేదు. 74 కిలోలంటే సుమారు 163 పౌన్లు. దాన్ని 703తో హెచ్చవేసి, 71ని 71తో హెచ్చవేయగా వచ్చిన 5041తో భాగించండి. 22.7 వస్తుంది. రెండు దారుల్లోనూ జవాబు ఇంచుమించు ఒకటే వస్తే లెక్క సరైనట్టే.

మన దేశంలో వైద్యులు పెద్దవాళ్ళకి 18.5 నుంచి 22.9 వరకూ మామూలు బరువుగా లెక్కిస్తారు. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మావాడు గీతకి ఇవతలే ఉన్నాడు!

అయితే ఈ అంకెకి కండకీ కొవ్వుకీ తేడా తెలియదు. కసరత్తుతో కండలు పెంచిన హీరోగారికీ 26 రావచ్చు. సన్నగా ఉన్నా పొట్ట పెరిగినవాడికి 22 రావచ్చు. అందుకే నడుం కొలత కూడా చూడాలి. మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

లెక్కంతా విన్న మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వంటింటి వైపు చూసి, "అమ్మా, పులుసు ఉందా?" అన్నాడు.