దిగులు ఎటువైపు చూస్తోంది?

తెలుగులో 'దిగులుగా ఉంది' అంటే రెండు అర్థాలు. రాత్రి పదకొండైనా పిల్లాడు ఇంటికి రాలేదని తల్లి పడేదీ దిగులే. తండ్రి పోయి నెల దాటినా గొంతులో ముద్ద దిగని కొడుకుదీ దిగులే. మొదటిది ఇంకా జరగనిదాని గురించి, రెండోది జరిగిపోయినదాని గురించి. బెంగ అన్న మాట కూడా అంతే, రెంటినీ మోస్తుంది. డాక్టరు ముందు కూర్చున్న మనిషి ఈ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే, అందులో ఉన్నది ఏ దిగులో డాక్టరే తేల్చుకోవాలి. అబ్నార్మల్ సైకాలజీ పేపర్లో యాంగ్జైటీ డిజార్డర్లకూ మూడ్ డిజార్డర్లకూ తేడా రాయమని అడిగినప్పుడు, విద్యార్థి చేయాల్సిందీ అదే పని.

చాలామంది ఈ ప్రశ్నకు రెండు నిలువు గళ్లు గీసి, ఒకదాంట్లో భయం, గుండె దడ, చెమటలు అనీ, రెండోదాంట్లో విచారం, నీరసం, నిద్రలేమి అనీ రాసుకుపోతారు. అందులో తప్పేమీ లేదు గానీ అసలు తేడా లక్షణాల పట్టికలో దొరకదు. ఆ రెండు విభాగాలను కట్టిన పద్ధతే వేరు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే డీఎస్‌ఎం అన్న పుస్తకంలో 1980 దాకా ఈ జబ్బుల్లో చాలా భాగం 'న్యూరోసిస్' అనే గొడుగు కింద ఉండేవి. ఆ ఏడాది వచ్చిన మూడో కూర్పు ఆ గొడుగు తీసేసి, ఆందోళనకూ మనోస్థితికీ వేర్వేరు అధ్యాయాలు ఇచ్చింది. ఆందోళన అధ్యాయంలో జబ్బుకు పేరు పెట్టేది భయం దేని మీద ఉందో చూసి. పాముకో ఎత్తుకో భయపడితే స్పెసిఫిక్ ఫోబియా. నలుగురూ తనను చూసి ఏమనుకుంటారో అన్న భయమైతే సోషల్ యాంగ్జైటీ. హఠాత్తుగా ముంచుకొచ్చే గాభరా మళ్లీ ఎప్పుడొస్తుందో అన్న భయమే వెంటాడితే పానిక్ డిజార్డర్. ఒక్క విషయానికి కట్టుబడకుండా డబ్బు, ఆరోగ్యం, పిల్లలు, పని అంటూ దేనిమీద పడితే దానిమీద వాలే చింత అయితే జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్. అంటే ఇక్కడ డాక్టరు అడిగే మొదటి ప్రశ్న 'దేని గురించి?'

మూడ్ డిజార్డర్లలో ఆ ప్రశ్నతో పేరు తేలదు. మనిషి ఎందుకు కుంగిపోయాడన్నదాన్ని బట్టి అక్కడ జబ్బు పేరు మారదు. అక్కడి ఇటుక 'ఎపిసోడ్', అంటే ఒక మొదలూ ఒక ముగింపూ ఉన్న కాలపు ముక్క. కనీసం రెండు వారాల కుంగుబాటు ఒక రకం ఇటుక. కనీసం ఏడు రోజుల ఉన్మాదం, అంటే మేనియా, ఇంకో రకం. నాలుగు రోజుల తేలికపాటి ఉద్రేకం, హైపోమేనియా, మూడో రకం. ఈ ఇటుకలు ఆ మనిషి జీవితంలో ఏ వరసలో పడ్డాయో చూసి జబ్బుకు పేరు పెడతారు. ఇవాళ ఎంత లోతుగా కుంగి ఉన్నా, పదేళ్ల కిందట ఒక్క మేనియా వచ్చి ఉంటే ఆ జబ్బు బైపోలార్ వన్ అవుతుంది గానీ మేజర్ డిప్రెషన్ కాదు. ఇక్కడి ప్రశ్నలు 'ఎప్పటి నుంచి? ఎంతకాలం? అంతకుముందు ఎప్పుడైనా, ఏ వైపు?' ఆందోళనకు కూడా కాలపరిమితులున్నాయి, చాలావాటికి ఆరు నెలలు. కానీ అవి మామూలు భయాన్ని జబ్బు నుంచి వేరుచేయడానికి పెట్టినవి. ఏ జబ్బో తేల్చేది భయపడే విషయమే.

పాత పుస్తకాలు చదివేవాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5లో మూడ్ డిజార్డర్ల అధ్యాయం రెండుగా చీలి, బైపోలార్ ఒకటి, డిప్రెసివ్ డిజార్డర్లు ఒకటి అయ్యాయి. ఓసీడీ, పీటీఎస్‌డీ ఆందోళన అధ్యాయం దాటి తమతమ అధ్యాయాలకు వెళ్లిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో మాత్రం మూడ్ డిజార్డర్లు ఇప్పటికీ ఒకే గొడుగు కింద ఉన్నాయి. జవాబు రాసేటప్పుడు ఏ పుస్తకం ప్రకారం రాస్తున్నామో మొదటి వాక్యంలోనే చెప్పడం మంచిది.

ఈ రెండు విభాగాల సరిహద్దు అన్నిటికంటే మసకగా ఉండేది జనరలైజ్డ్ యాంగ్జైటీకీ మేజర్ డిప్రెషన్‌కీ మధ్య. మొదటిదానికి అదుపులో ఉండని చింత ఆరు నెలలపాటు, ఉన్న రోజులే ఎక్కువగా, ఉండాలి. దానితోపాటు ఆరు లక్షణాల్లో మూడు కావాలి: స్థిమితం లేకపోవడం, త్వరగా అలసిపోవడం, మనసు నిలవకపోవడం, చిరాకు, కండరాలు బిగుసుకోవడం, నిద్ర చెడడం. డిప్రెషన్‌కు తొమ్మిదిలో అయిదు కావాలి. ఆ తొమ్మిదిలోనూ అలసట ఉంది, నిద్ర ఉంది, మనసు నిలవకపోవడం ఉంది, స్థిమితం లేకపోవడమూ ఉంది. ఆరింటిలో నాలుగు ఉమ్మడి ఆస్తే! కాబట్టి నిద్ర పట్టడం లేదన్న మాట ఏ జబ్బునూ తేల్చదు. తేల్చగలిగేవి ఉమ్మడి కానివి.

పరీక్షలో వచ్చే తరహాలో ఒక కేసు కల్పించి చూద్దాం. నలభై రెండేళ్ల ఆవిడ, ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కొడుకు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. ఆవిడ వచ్చి, "దిగులుగా ఉంటోంది డాక్టరు గారూ. నిద్ర లేదు, ఓపిక లేదు, కొలతలు కూడా తప్పుతున్నాను" అంటుంది. చెప్పిన ఫిర్యాదులన్నీ ఉమ్మడి ఖాతాలోవే. దీని మీద ఆగి పేరు పెట్టేస్తే తప్పు.

"ఎప్పటి నుంచమ్మా?" అంటే ఏడాది పైనే అంటుంది. "దేని గురించి?" అంటే ఒకటని చెప్పలేకపోతుంది. కొడుకు బండి నడుపుతాడని, భర్తకు షుగరు పెరుగుతుందేమోనని, పెళ్లి ఆర్డరు గడువుకు అందదేమోనని, వీధి తలుపు గడియ పెట్టానో లేదోనని. "వద్దనుకున్నా ఆగదండీ, ఒకటి సర్దుకుంటే ఇంకోటి తయారు." మెడ, భుజాలు రాయిలా బిగుసుకుపోతాయి. ఇంట్లోవాళ్ల మీద అయినదానికీ కానిదానికీ విసుక్కుంటుంది. పడుకున్నాక గంటా రెండు గంటల దాకా కన్ను మూతపడదు. అప్పుడు డాక్టరు, "మరి ఆ రోజుల్లో సరదాగా ఏమైనా చేసేవారా?" అని అడుగుతుంది. చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్లో కడుపుబ్బ నవ్వానని, కొత్త డిజైను కుదిరితే ఆ పూట సంతోషంగా ఉండేదని చెబుతుంది. ఈ జవాబే కీలకం. సంతోషించగల శక్తి అలాగే ఉంది.

తర్వాతి ప్రశ్నకు మాట మారుతుంది. మూడు వారాల నుంచి మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచింది. ఫంక్షన్ ఫోటోలు చూపించినా ఏమీ అనిపించలేదు. అన్నం సయించడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, ఇక నిద్ర రాదు. రోజంతా మనసు బరువుగా ఉంటుంది. నడక, మాట నెమ్మదించాయని భర్త చెబుతాడు. "నా వల్ల ఎవరికీ ఉపయోగం లేదు" అంటుంది. ఆ మాట వినగానే డాక్టరు చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. చెప్పుకోలేకపోతున్న మనిషికి దారి దొరుకుతుంది.

ఇంకా రెండు తలుపులు మూయాలి. మునుపెన్నడైనా నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, అతిగా మాట్లాడుతూ, చేతికందినంత ఖర్చు పెట్టిన రోజులున్నాయా? లేవు. కాబట్టి బైపోలార్ కాదు. థైరాయిడ్ పరీక్ష సరిగ్గానే ఉంది. అది ఎక్కువైతే ఆందోళనలా, తక్కువైతే కుంగుబాటులా కనిపిస్తుంది గనక ఆ పరీక్ష తప్పదు.

ఇప్పుడు తీర్పు. ఏడాదిగా ఉన్నది జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్. మూడు వారాల కిందట దాని మీద మేజర్ డిప్రెషన్ వచ్చి పడింది. రెండు పేర్లూ రాయాలి.

అదే మనిషి కథను తిప్పి చూడండి. ఏడాది పాటు మామూలుగా ఉండి, మూడు వారాల కిందట కుంగిపోయి, ఆ కుంగుబాటుతోపాటే ఈ చింతలన్నీ మొదలయ్యాయనుకోండి. లక్షణాలు అచ్చంగా అవే, మనిషీ ఆమే. కానీ ఆరు నెలల గడువు నిండలేదు, చింత డిప్రెషన్ లోపలే పుట్టింది. అప్పుడు జబ్బు ఒక్కటే, మేజర్ డిప్రెషన్. దాని పక్కన 'యాంగ్షస్ డిస్ట్రెస్‌తో' అన్న తోక చేరుస్తారు. ఒళ్లు బిగదీసుకున్నట్టు ఉండటం, మామూలుగా లేని అస్థిమితం, చింత వల్ల మనసు నిలవకపోవడం, ఏదో ఘోరం జరుగుతుందన్న భయం, తన మీద అదుపు తప్పుతుందన్న భయం అనే అయిదింటిలో రెండు ఉంటే చాలు ఆ తోక చేర్చడానికి. పానిక్ ఎటాక్ కూడా ఇలాంటిదే. అది సొంతంగా జబ్బు కాదు, డిప్రెషన్ పక్కన కూడా తోకగా రాయవచ్చు. గుండె దడ కనబడగానే ఆందోళన అధ్యాయం తెరిచేవాళ్లు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఆ ఓణీల ఫంక్షన్ నవ్వుకు సిద్ధాంతంలో కూడా చోటుంది. 1991లో లీ అన్నా క్లార్క్, డేవిడ్ వాట్సన్ చెప్పిన మూడు భాగాల నమూనా ప్రకారం బాధ, చికాకు, అస్థిమితం రెండు జబ్బులకూ ఉమ్మడి. సంతోషించే శక్తి ఎండిపోవడం డిప్రెషన్ గుర్తు. గుండె దడ, ఊపిరాడకపోవడం లాంటి దేహపు ఉద్రేకం ఆందోళన గుర్తు. ఈ చివరి ముక్క పానిక్‌కు సరిపోయినంతగా జనరలైజ్డ్ యాంగ్జైటీకి సరిపోదు. దానిలో దడ కంటే కండరాల బిగువే ముందుంటుంది.

ఇంత జాగ్రత్తగా గీసిన గీత కూడా గట్టిది కాదని ఒప్పుకోవాలి. కవలల మీద 1992లో కెన్నెత్ కెండ్లర్ బృందం చేసిన అధ్యయనంలో ఈ రెండు జబ్బుల వెనకా ఉన్న జన్యువుల ప్రభావం దాదాపు ఒకటేనని తేలింది. తేడా తెచ్చేవి జీవితంలోని పరిస్థితులు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు రెంటికీ వాడతారు. డీఎస్‌ఎం-5 క్షేత్ర పరీక్షల్లో ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూసినప్పుడు, వాళ్ల నిర్ణయాలు ఎంత కలిశాయో కప్పా అన్న కొలతతో లెక్కించారు. పూర్తిగా కలిస్తే ఆ కొలత 1. మేజర్ డిప్రెషన్‌కు 0.28, జనరలైజ్డ్ యాంగ్జైటీకి 0.20 మాత్రమే వచ్చాయి. రెండూ కలగలిసిన జబ్బుకు వేరే పేరు పెడదామన్న ప్రతిపాదన ఆ పరీక్షల్లో నిలవక పోయింది. ఐసీడీ-11లో మాత్రం అలాంటి పేరు ఉంది, దాన్ని మూడ్ డిజార్డర్ల కిందే పెట్టారు. నా దృష్టిలో ఈ గీత ప్రకృతి గీసింది కాదు, చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి మనుషులు గీసుకున్నది. అయినా అది పనికొస్తుంది. చింతను ఆపడం నేర్పే చికిత్సా, మిషన్ మీది గుడ్డ తీసి రోజుకు ఒక్క కుట్టయినా వేయించే చికిత్సా ఒకటి కాదు.

పరీక్ష రాసేవాళ్లకు ఒక మాట. కేసు ఇస్తే లక్షణాల కింద గీతలు పెట్టకముందే మార్జిన్‌లో ఒక కాలరేఖ గీయండి. ఏది ముందు మొదలైంది, ఎన్నాళ్లుంది, చింతలేని రోజుల్లో ఆ మనిషి సంతోషించగలిగిందా అన్నవి దాని మీద గుర్తు పెట్టుకోండి. పేరు ఆ తర్వాత రాయండి.