పాలసీలో ‘దొంగతనం’ అంటే అన్ని దొంగతనాలూ కావు
తెలుగులోకి మార్చేటప్పుడు ఒక్క మాట తేడా వస్తే పరిహారం చేజారుతుంది

గోదాములో దాచుకున్న ధాన్యానికో, కందులకో, మిర్చికో బీమా చేయించే రైతులు చాలామందే ఉన్నారు. ‘అగ్నిప్రమాదం, దొంగతనం రెండింటికీ వర్తిస్తుందండీ’ అని ఏజెంటు చెబుతాడు. ప్రీమియం కట్టేస్తాం. ఇంగ్లీషులో సన్న అక్షరాలతో వచ్చిన కాగితం బీరువాలోకి పోతుంది. సరుకు పోయాక గాని దాన్ని ఎవరూ బయటికి తీయరు. అప్పుడు హైదరాబాద్ అబిడ్స్‌లో టైపు చేసేవారి దగ్గరకో, నాంపల్లి కోర్టుల చుట్టుపక్కల ఉండే నోటరీ దగ్గరకో వెళ్ళి తెలుగులో రాయించుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఇలాంటి పాలసీకి ఇంగ్లీషులో ‘బర్గ్లరీ పాలసీ’ అని పేరు. దీన్ని ‘దొంగతనం పాలసీ’ అని తెలుగు చేస్తే తప్పు. ఇంగ్లీషులో ‘థెఫ్ట్’ వేరు, ‘బర్గ్లరీ’ వేరు. తలుపు తీసి ఉంటే లోపలికి వచ్చి ఎత్తుకుపోవడం థెఫ్ట్. బర్గ్లరీ అంటే మన పల్లెల్లో కన్నం వేయడం అంటామే, అది. అంటే తాళం పగలగొట్టో, గోడ తవ్వో, రేకు విప్పో జొరబడి దోచుకోవడం. పాలసీ ఈ రెండో దానికే వర్తిస్తుంది. నిర్వచనంలో ఉండే కీలకమైన మాటలు ‘ఫోర్సిబుల్ అండ్ వయొలెంట్ ఎంట్రీ’.

ఈ మాటలను తెలుగు చేయడంలో మూడు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది ‘అండ్’ దగ్గర. దాన్ని ‘లేదా’ అని రాస్తే రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలనుకుంటాం. అక్కడున్నది ‘మరియు’. అంటే రెండూ ఉండాలి. రెండోది ‘వయొలెంట్’ దగ్గర. దాన్ని ‘హింసాత్మకంగా’ అని రాస్తే కాపలావాడిని కొట్టి ఉంటేనే డబ్బు వస్తుందని రైతు భయపడతాడు. మనిషి మీదే చేయి పడాలని లేదు. తాళం మీదో, గొళ్ళెం మీదో, గోడ మీదో ప్రయోగించిన బలం కూడా లెక్కలోకి వస్తుంది. మూడోది ‘ఎగ్జిట్’ అనే మాటను వదిలేయడం. చాలా పాలసీల్లో ‘లోపలికి రావడం గాని, బయటికి పోవడం గాని’ అని ఉంటుంది. పగలు సరుకు దించేటప్పుడు లోపలే నక్కి, రాత్రి కిటికీ ఊచలు వంచుకొని పారిపోయిన దొంగ కూడా దీని కిందికి వస్తాడు. తెలుగులో ఆ మాట లేకపోతే రైతు తనకు హక్కు లేదనుకొని క్లెయిమే పెట్టడు.

కాబట్టి ఆ వాక్యాన్ని ఇలా తెలుగు చేస్తే అర్థం చెదరదు: ‘దొంగ నిజంగా బలం ప్రయోగించి, పగలగొట్టడమో విరవడమో చేసి, లోపలికి వచ్చి గాని బయటికి పోయి గాని చేసిన దొంగతనం’.

ఇది మాటల పట్టింపు కాదు. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీకి, హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ అనే సంస్థకు మధ్య నడిచిన కేసులో 2004లో సుప్రీంకోర్టు ఈ మాటల మీదే తీర్పు చెప్పింది. దొంగతనం జరిగిందన్నది నిజమే అయినా, బలప్రయోగంతో జొరబడినట్లు రుజువు లేనందున పరిహారం రాదని తేల్చింది. ఇంత కఠినమైన నిర్వచనం మామూలు మనిషికి అర్థం కావడం కష్టమని, కంపెనీలు దీన్ని తగినట్లు సవరించుకోవాలని కూడా ఆ తీర్పులోనే చెప్పింది.

ఇక మినహాయింపుల సంగతి. ‘ఇన్‌మేట్’ గాని, ‘హౌస్‌హోల్డ్’లోని వ్యక్తి గాని, పనివారు గాని దొంగతనంలో ‘కన్సర్న్‌డ్’ అయితే పరిహారం ఇవ్వబోమని ఈ పాలసీల్లో సాధారణంగా రాసి ఉంటుంది. ‘హౌస్‌హోల్డ్’ను ‘కుటుంబం’ అని రాసి ఊరుకుంటే భార్యాబిడ్డలు, అన్నదమ్ములే గుర్తొస్తారు. ఇంట్లోనే తిని, కొట్టంలోనే పడుకునే జీతగాడు కూడా ఆ మాటల్లోకి వస్తాడు. అలాగే ‘కన్సర్న్‌డ్’ అంటే ప్రమేయం ఉండటం. దాన్ని ‘అనుమానం ఉండటం’ అని రాస్తే రైతే నష్టపోతాడు. జీతగాడి మీద ఊళ్ళో గుసగుసలు వినిపించినంత మాత్రాన మినహాయింపు వర్తించదు. అతని పాత్ర ఉందని కంపెనీ చూపించగలగాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. తాండూరు వైపు రైతు ఒకాయన షెడ్డులో 60 బస్తాల కందులు నిల్వ చేశాడనుకుందాం. పొద్దున్నే చూస్తే 25 బస్తాలు లేవు. గొళ్ళెం వంగి ఉంది, తాళం కింద పడి ఉంది. స్టేషనులో ఫిర్యాదు రాసేటప్పుడు ‘ఎవరో తాళం తీసి కందులు దొంగిలించారు’ అన్నాడు. మనం ‘తాళం తీసి’ అనేది పగలగొట్టినా అంటాం, తాళంచెవితో తెరిచినా అంటాం. అబిడ్స్‌లో దాన్ని ఇంగ్లీషు చేసినవారు ‘తాళం తెరిచి’ అనే అర్థంలో రాశారు. కంపెనీకి అంత చాలు. ‘తాళంచెవి ఎవరి దగ్గరుంది? బలప్రయోగం ఎక్కడుంది?’ అని క్లెయిము తోసిపుచ్చుతుంది. అదే ఫిర్యాదులో ‘గొళ్ళెం వంచి, తాళం పగలగొట్టి’ అని ఉంటే, పంచనామాలోనూ ఆ మాటే ఉంటే, వంగిన గొళ్ళెం ఫొటో కూడా ఉంటే క్లెయిము నిలబడుతుంది. అందుకే సర్వేయరు వచ్చి చూసేదాకా ఆ గొళ్ళేన్ని బాగు చేయించకూడదు. ఎఫ్.ఐ.ఆర్.లో దొంగతనం సెక్షను ఒక్కటే వేశారా, జొరబడిన సెక్షను కూడా వేశారా అన్నది అప్పుడే చూసుకోవాలి. అయితే జరగని దాన్ని జరిగినట్లు రాయించవద్దు. అబద్ధం బయటపడితే మొత్తం క్లెయిమే పోతుంది.

మరి తెలుగు ప్రతికీ, ఇంగ్లీషు పాలసీకీ తేడా వస్తే ఏది చెల్లుతుంది? మనం బయట రాయించుకున్న తెలుగు మన అవగాహన కోసమే. కంపెనీని కట్టిపడేసేది అది ఇచ్చిన ఇంగ్లీషు కాగితమే. ఆ ఇంగ్లీషులోనే రెండు అర్థాలు వస్తుంటే మాత్రం రాసిన కంపెనీకి వ్యతిరేకంగా, పాలసీదారుకు అనుకూలంగా చదవాలన్నది కోర్టులు పాటించే సూత్రం. తెలుగు చేసినవారి తప్పుకు ఈ సూత్రం వర్తించదు.

రైతుకు అండగా నిలిచే మరో అంశం ఉంది. అసలు మినహాయింపుల కాగితమే చేతికివ్వకపోతే? భారత్ వాచ్ కంపెనీ కేసులో 2019లో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. అక్కడా వివాదం బలప్రయోగంతో జొరబడటం గురించే. ఆ షరతును పాలసీదారుకు తెలియజేయలేదు కాబట్టి దాని పేరు చెప్పి పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదని తీర్పు వచ్చింది. అందుచేత పాలసీతోపాటు ఏయే కాగితాలు వచ్చాయో కవరు మీద తేదీ వేసి రాసిపెట్టుకోండి. షరతుల పత్రం రాకపోతే బ్రాంచికి ఉత్తరం రాసి అడగండి, దాని నకలు దగ్గర ఉంచుకోండి.

క్లెయిము తోసిపుచ్చితే వినియోగదారుల కమిషనుకు వెళ్ళడానికి రెండేళ్ళ గడువుంది. హైదరాబాద్ జిల్లా ఫోరాలు నాంపల్లి చంద్రవిహార్ భవనంలో నడిచిన రోజుల్లో, కంపెనీ ఆఫీసు నగరంలో ఉందని జిల్లాల నుంచి అక్కడిదాకా వచ్చినవారున్నారు. 2019 నాటి చట్టం ప్రకారం రైతు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ దాఖలు చేసే అనువాదంలో ప్రతి వాక్యం పక్కన ఇంగ్లీషు మూలం ఉండేలా రెండు వరుసల్లో టైపు చేయించండి. సంతకం పెట్టేముందు ‘మరియు’, ‘లేదా’ అన్న మాటల కింద పెన్సిలుతో గీత గీసి, ఇంగ్లీషు చదవగలిగిన వారెవరిచేతనైనా ఒక్కొక్కటీ సరిచూపించుకోండి.