ముందు విచక్షణి చూడండి

పదో తరగతి వర్క్‌షీట్‌లో వర్గ సమీకరణం కనబడగానే పిల్లలు కారణాంకాల కోసం వెతుకుతారు. అవి దొరకని లెక్కలో ఎంత వెతికినా కాలం వృథా. అందుకే ముందు b² − 4ac కట్టాలి. దీన్నే విచక్షణి అంటారు.

2x² − 5x − 3 = 0 తీసుకుందాం. కుడివైపు సున్నా ఉందో లేదో ముందే చూసుకోవాలి, లేకపోతే పదాలన్నీ ఎడమవైపుకి తేవాలి. ఇక్కడ a = 2, b = −5, c = −3. విచక్షణి 25 + 24 = 49. అది 7 వర్గం కాబట్టి కారణాంకాలు తప్పక దొరుకుతాయి.

a, c లబ్ధం −6. గుణిస్తే −6, కూడితే −5 వచ్చే రెండు సంఖ్యలు −6, 1. మధ్య పదాన్ని అలా విడదీస్తే:

2x² − 6x + x − 3 = 0
2x(x − 3) + 1(x − 3) = 0
(x − 3)(2x + 1) = 0

లబ్ధం సున్నా అయితే రెండింటిలో ఏదో ఒకటి సున్నా కావాలి. కాబట్టి x = 3 లేదా x = −1/2.

చివర −3 బదులు +1 ఉంటే విచక్షణి 25 − 8 = 17. అది ఏ పూర్ణసంఖ్యకీ వర్గం కాదు, నేరుగా సూత్రానికి వెళ్లాలి:

x = (−b ± √(b² − 4ac)) / 2a
x = (5 ± √17) / 4

మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. b విలువ −5 కనుక −b అంటే +5. హారంలోని 4 మొత్తం లవాన్ని భాగించాలి, ఒక్క √17ని కాదు. సరిచూడటానికి రెండు మూలాలనూ కూడండి: −b/a, అంటే 5/2 రావాలి. విచక్షణి రుణసంఖ్య అయితే మాత్రం వాస్తవ మూలాలు లేవని రాసి ఆపేయవచ్చు.