పొటాషియం-40 ఎందుకింత నిదానం?

బీటా విఘటనంలో కేంద్రకంలోని ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతుంది. అప్పుడే ఒక ఎలక్ట్రాన్, ఒక ప్రతిన్యూట్రినో పుట్టి బయటికి పోతాయి. విడుదలయ్యే శక్తి ఎంత ఎక్కువైతే ఈ మార్పు సాధారణంగా అంత వేగంగా జరుగుతుంది. పొటాషియం-40 కాల్షియం-40గా మారేటప్పుడు విడుదలయ్యే శక్తి ట్రిటియం విఘటనంలో కంటే 70 రెట్లు ఎక్కువ. అయినా ట్రిటియం 12.3 ఏళ్లలో సగానికి తగ్గితే, పొటాషియం-40కి దాదాపు 125 కోట్ల ఏళ్లు పడుతుంది. ఈ తేడాకు కారణం స్పిన్, ప్యారిటీ.

స్పిన్ అంటే కేంద్రకానికున్న మొత్తం కోణీయ ద్రవ్యవేగం. స్థానాలన్నిటినీ కేంద్రబిందువుకు అవతలివైపుకు తిప్పినప్పుడు కేంద్రకపు తరంగ ప్రమేయం గుర్తు మారకపోతే ప్యారిటీ ధనం, మారితే రుణం. వెలువడే రెండు కణాల స్పిన్‌లు కలిసి 0 లేదా 1 మాత్రమే తీసుకుపోగలవు. కేంద్రకపు స్పిన్‌లో మార్పు అంతకు మించకుండా, ప్యారిటీ మారకుండా ఉంటే ఆ విఘటనం అనుమతితం. ట్రిటియం, దాని నుంచి ఏర్పడే హీలియం-3 రెండూ ½⁺ స్థితులే కాబట్టి అక్కడ అడ్డేమీ లేదు.

పొటాషియం-40 స్థితి 4⁻, కాల్షియం-40 స్థితి 0⁺. నాలుగు యూనిట్లలో కణాల స్పిన్‌లు ఒకటి తీసుకుపోతాయి. మిగిలిన మూడు కక్ష్యా కోణీయ ద్రవ్యవేగంగా పోవాలి. ప్యారిటీ మారడానికీ ఈ బేసి సంఖ్యే కారణం. ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం ముందు కేంద్రకం చాలా చిన్నది కాబట్టి, ఇలాంటి ఒక్కో యూనిట్‌కు విఘటన వేగం వేల రెట్లు పడిపోతుంది. మూడు యూనిట్లు కావాలి గనుక ఇది మూడో తరగతి నిషిద్ధ విఘటనం. నిషిద్ధం అంటే అసాధ్యమని కాదు, అత్యంత అరుదని.

శక్తి ప్రభావాన్ని పక్కనపెట్టి విఘటనాలను పోల్చడానికి తులనాత్మక అర్ధ జీవితకాలం, అంటే ft ఉపయోగపడుతుంది. శక్తి, కేంద్రక ఆవేశాల ప్రభావాన్ని లెక్కగట్టే సంఖ్య f. సెకన్లలో అర్ధ జీవితకాలం t. విడి న్యూట్రాన్‌కు సుమారు 10 నిమిషాలు, ట్రిటియంకు 12.3 ఏళ్లు పట్టినా, log ft రెండింటికీ సుమారు 3. అంటే లోపలి మార్పు రెండింటిలోనూ ఒక్కలాంటిదే. కాలాల తేడా శక్తి వల్ల వచ్చినదే. పొటాషియం-40కి ఈ విలువ సుమారు 18. ఇదే శక్తితో log ft 5 ఉండే అనుమతిత విఘటనమైతే సగం తగ్గడానికి ఒకటి రెండు గంటలు చాలేవి.

సాధారణంగా అనుమతిత విఘటనాలకు log ft 4 నుంచి 6 దాకా, మొదటి తరగతి నిషిద్ధాలకు 6 నుంచి 9 దాకా ఉంటుంది. ఈ హద్దులు కచ్చితమైనవి కావు. కార్బన్-14 స్థితి 0⁺, దాని నుంచి ఏర్పడే నైట్రోజన్-14 స్థితి 1⁺. నియమాల ప్రకారం ఇది అనుమతితమే అయినా log ft 9 దాకా ఉంది. కేంద్రకం లోపల ఈ మార్పుకు తోడ్పడే భాగాలు ఒకదాన్నొకటి దాదాపు రద్దు చేసుకోవడమే అందుకు కారణం. అందుకే log ft పెద్దదిగా ఉన్నంత మాత్రాన విఘటనం నిషిద్ధమని తేల్చకూడదు. విలువ చిన్నదైతే మాత్రం, 5 లోపు ఉంటే, అది అనుమతితమేనని, తొలి, తుది స్థితుల ప్యారిటీ ఒకటేనని గట్టిగా చెప్పవచ్చు.